జీబీని ఎంబీల్లోకి మార్చి, వీడియో ఎన్ని నిమిషాలు వస్తుందో లెక్కేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న రీఛార్జి షాపు. చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఎక్కువ. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది మాట ఒకటే: "పొద్దున ఒకటిన్నర జీబీ ఉంది, అప్పుడే ఎలా అయిపోయింది అన్నా?" ప్రతిసారీ రసీదు వెనక పెన్నుతో లెక్క వేసి చూపిస్తుంటాను. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ప్యాక్ కొనేముందు: జీబీ నుంచి ఎంబీకి

1.5 జీబీ అంటే ఎన్ని ఎంబీలు అన్నా?

1500 ఎంబీలు. జీబీ సంఖ్యను 1000తో గుణిస్తే ఎంబీలు వస్తాయి. 2 జీబీ అయితే 2000, 2.5 జీబీ అయితే 2500, 0.75 జీబీ అయితే 750. వెనక్కి మార్చాలంటే 1000తో భాగించాలి: 640 ఎంబీ అంటే 0.64 జీబీ.

ఎక్కువమంది పొరపాటు పడేది చుక్క పక్కన సున్నా ఉన్నప్పుడు. యాప్‌లో 1.05 GB మిగిలిందని కనిపిస్తే దాన్ని 1500 అనుకుని ధీమాగా క్లాసు మొదలుపెడతారు. అది 1050 ఎంబీ మాత్రమే. చుక్క తర్వాత ఎప్పుడూ మూడు అంకెలు ఉండేలా సున్నాలు చేర్చి చదవండి. 1.5 అంటే 1.500, 1.05 అంటే 1.050. అలా రాసుకుని చుక్క తీసేస్తే ఎంబీలు అవే వచ్చేస్తాయి.

మా స్కూల్లో 1 జీబీ అంటే 1024 ఎంబీ అని చెప్పారు. 1000 అనడం తప్పు కాదా?

తప్పు కాదు, రెండు లెక్కలూ వాడుకలో ఉన్నాయి. కంప్యూటర్ లెక్క రెండ్ల మీద నడుస్తుంది కాబట్టి రెండుని పదిసార్లు గుణిస్తే వచ్చే 1024ని "సుమారు వెయ్యి" అనుకుని కిలో, మెగా, గిగా పేర్లు తగిలించారు. అసలు కిలో అంటే వెయ్యే కదా, మన కిలో బియ్యం వెయ్యి గ్రాములైనట్టు. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకి గిబీబైట్, మెబీబైట్ అని వేరే పేర్లు పెట్టింది. ఆ పేర్లు జనంలోకి పెద్దగా రాలేదు, పాత అలవాటు పోలేదు.

మన అవసరానికి తేడా చిన్నదే. 1.5 జీబీని 1024తో గుణిస్తే 1536 వస్తుంది, అంటే 36 ఎంబీ ఎక్కువ. నిమిషానికి 5 ఎంబీ తినే వీడియో అయితే అది ఏడు నిమిషాలు. నేను 1000తోనే లెక్కేయమంటాను. నోటితో చేసుకోవచ్చు, పైగా తప్పినా తక్కువ వైపే తప్పుతుంది. క్లాసు మధ్యలో ఆగిపోవడం కంటే చివర్లో కాస్త మిగలడం మేలు.

మా ఆపరేటర్ ఏ లెక్క వాడుతున్నాడో తెలుసుకునే దారి ఉందా?

ఉంది, కాస్త కనిపెట్టుకుని ఉండాలి. మిగిలిన డేటా 1 జీబీ కంటే కొంచెం దిగే సమయంలో ఆపరేటర్ యాప్‌ని రెండు మూడుసార్లు రిఫ్రెష్ చేసి చూడండి. ఎప్పుడైనా 1018 MB, 1005 MB లాంటి నాలుగంకెల సంఖ్య కనిపించిందంటే వాళ్లు 1024 లెక్కలో ఉన్నారని అర్థం, ఎందుకంటే 1000 లెక్కలో 1005 ఎంబీని 1.005 జీబీ అనే చూపించాలి. 1 జీబీ దాటి దిగగానే నేరుగా 998, 990 కనిపిస్తే 1000 లెక్క అయ్యుండొచ్చు. కానీ ఒక్కసారి చూసి తీర్మానించకండి, మధ్యలోని సంఖ్య మీ కంటపడకపోయి ఉండొచ్చు.

28 రోజులకి మొత్తం 42 జీబీ అని రాసుంది. ఆ 42,000 ఎంబీలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకోవచ్చా?

రోజువారీ ప్యాక్ అయితే కుదరదు. 42 అనేది 1.5ని 28తో గుణించగా వచ్చిన సంఖ్య, అంతే. ఏ రోజు 1500 ఎంబీ ఆ రోజుదే, ఇలాంటి ప్యాకుల్లో మిగిలింది సాధారణంగా అర్ధరాత్రి పన్నెండుకి పోతుంది. అందుకే వీడియో నిమిషాలు కూడా రోజుకే లెక్కేయాలి. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటల రివిజన్ చూసే అలవాటుంటే, రోజు పరిమితి లేకుండా నెలంతటికీ ఒకే మొత్తంగా ఇచ్చే ప్యాక్ చూసుకోండి. మొత్తం జీబీ తక్కువగా కనిపించినా అలాంటివాళ్లకి అదే ఎక్కువ నిమిషాలు ఇస్తుంది.

## ఎంబీ నుంచి నిమిషాలకు

ఒక నిమిషం వీడియోకి ఎన్ని ఎంబీలు పోతాయి?

వీడియోని బట్టి మారుతుంది కానీ అంచనాకి ఈ అంకెలు సరిపోతాయి. 360pలో నిమిషానికి 4 నుంచి 5 ఎంబీ, 480pలో 7 లేదా 8, 720pలో 15 అటూ ఇటూ, 1080pలో 30 దాకా. మీ దగ్గరున్న ఎంబీలని ఈ సంఖ్యతో భాగిస్తే నిమిషాలు వస్తాయి.

1000 ఎంబీ తీసుకుంటే 360pలో (నిమిషానికి 4.5 అనుకుందాం) 222 నిమిషాలు, అంటే మూడు గంటల నలభై. 480pలో 133 నిమిషాలు. 720pలో 67. 1080pలో 33 నిమిషాలే. అదే జీబీ మూడు గంటల నలభై నిమిషాలు వస్తుంది, అరగంటలో కూడా అయిపోతుంది. జీబీ పెద్దదా చిన్నదా అనే దానికంటే క్వాలిటీ దగ్గరే అసలు తేడా పుడుతుంది.

360p, 480p అంటున్నారు. ఆ p అంటే ఎంబీల లెక్కేనా?

కాదు. అది బొమ్మ ఎత్తులో ఎన్ని వరసల చుక్కలున్నాయో చెప్పే సంఖ్య. 480p అంటే పైనుంచి కిందికి 480 వరసలు. డేటా ఎంత అనేది అందులో లేదు, అందుకే ఒకే 480pలో రెండు వీడియోలు వేర్వేరుగా డేటా తింటాయి.

కారణం ఇది. వీడియోలో ప్రతి బొమ్మనీ పూర్తిగా పంపరు. ముందు బొమ్మకీ తర్వాత బొమ్మకీ ఏం మారిందో ఆ మార్పునే ఎక్కువగా పంపుతారు. ఫిజిక్స్ సారు బోర్డు ముందు నిలబడి సమీకరణం రాస్తుంటే మారేది ఆయన చెయ్యి, సుద్దముక్క గీత మాత్రమే. బోర్డు, గోడ అలాగే ఉంటాయి కాబట్టి తక్కువ ఎంబీలతో సరిపోతుంది. అదే క్రికెట్ మ్యాచ్‌లో బంతి బౌండరీ వైపు వెళ్తుంటే కెమెరా మొత్తం కదులుతుంది, గడ్డి, జనం, అన్నీ ప్రతి క్షణం మారిపోతాయి. పైగా మ్యాచ్‌లు సెకనుకి 30కి బదులు 50, 60 బొమ్మలతో వస్తే ఇంకా పెరుగుతుంది.

ఫోన్ వయసు కూడా పనిచేస్తుంది. వీడియోని కుదించే పద్ధతుల్లో హెచ్.264 పాతది, వీపీ9, ఏవీ1 దాని తర్వాత వచ్చినవి. కొత్త పద్ధతిలో అదే బొమ్మ తక్కువ డేటాలో వస్తుంది. పాత ఫోన్‌కి కొత్తవాటిని విప్పే శక్తి లేకపోతే పాత పద్ధతి వీడియోనే అందుతుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే క్లాసు ఒకే క్వాలిటీలో చూసి, ఒకరికి ఎక్కువ డేటా పోయిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

స్పీడ్ టెస్టులో 10 Mbps వచ్చింది. అంటే సెకనుకి 10 ఎంబీ ఖర్చయిపోతుందా?

రెండు కారణాల వల్ల అలా కాదు. మొదటిది, Mbpsలో b చిన్నక్షరం. అది బిట్. మన ప్యాక్‌లో ఎంబీలోని B పెద్దక్షరం, బైట్. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 10 Mbps అంటే సెకనుకి 1.25 ఎంబీ.

రెండోది, అది దారి వెడల్పు మాత్రమే. బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా మీ స్కూటర్ తాగే పెట్రోలు స్కూటర్‌దే కదా. వీడియో తనకి కావలసినంతే తీసుకుంటుంది. 480p వీడియోకి సుమారు 1 Mbps చాలు. వీడియో తీసుకునే రేటు తెలిస్తే నిమిషాల లెక్క ఇలా చేయొచ్చు:

```
MB_per_minute = Mbps * 60 / 8 = Mbps * 7.5
minutes = MB / MB_per_minute
```

1 Mbps వీడియో నిమిషానికి 7.5 ఎంబీ తింటుంది. 1500ని 7.5తో భాగిస్తే 200 నిమిషాలు. స్పీడ్ వల్ల డేటా పెరిగేది ఒక్క సందర్భంలోనే: క్వాలిటీ ఆటోలో ఉంటే, దారి బాగుందని చూసి యాప్ తనంతట తాను 720pకో 1080pకో ఎక్కిస్తుంది.

క్లాసుని 2x స్పీడులో చూస్తే డేటా సగమే అవుతుందా?

అవదు. 60 నిమిషాల క్లాసు అరగంటలో పూర్తయినా 60 నిమిషాల వీడియో మొత్తం మీ ఫోన్‌లోకి రావాల్సిందే. నిమిషానికి 5 ఎంబీ అయితే 300 ఎంబీ పోతుంది, ఏ స్పీడులో చూసినా అంతే. గడియారం చూసి లెక్కేస్తే మాత్రం నిమిషానికి 10 ఎంబీ పోయినట్టు కనిపిస్తుంది. ఎప్పుడూ వీడియో మీద రాసున్న నిడివితోనే లెక్కేయండి.

## మీ ఫోన్‌లో మీరే కొలుచుకోవడం

నా ఫోన్‌లో నిమిషానికి ఎంత పోతుందో నేనే కొలవొచ్చా?

కొలవొచ్చు, అదే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం అనే చోటికి వెళ్తే ఏ యాప్ ఎంత తిన్నదో విడివిడిగా కనిపిస్తుంది. వైఫై ఆపేసి, మీరు క్లాసులు చూసే యాప్ పక్కనున్న సంఖ్యని కాగితం మీద రాసుకోండి. పది పదిహేను నిమిషాల వీడియో ఒకటి ఎంచుకుని, క్వాలిటీని ఆటోలో వదలకుండా చేత్తో 360p అనో 480p అనో పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా చూడండి. తర్వాత యాప్ పూర్తిగా మూసేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి అదే సంఖ్య మళ్లీ చూడండి. తేడాని వీడియో నిమిషాలతో భాగిస్తే మీ నిమిషం ఖరీదు తెలుస్తుంది.

మధ్యలో ఆపకూడదు అనడానికి కారణముంది. మీరు చూస్తున్న చోటు కంటే ముందు భాగాన్ని యాప్ ఎప్పుడూ తెచ్చి పెట్టుకుంటుంది. పదో నిమిషంలో ఆపితే పదకొండో నిమిషం కూడా అప్పటికే వచ్చేసి ఉంటుంది, మీ లెక్క ఎక్కువ చూపిస్తుంది. వీడియో చివరి దాకా వెళ్తే తెచ్చుకోవడానికి ఇంకేమీ ఉండదు. తర్వాతి వీడియో తనంతట తాను మొదలయ్యే ఆటోప్లేని మాత్రం ముందే ఆపేయండి, లేకపోతే దాని మొదటి ముక్క కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.

సారు పంపిన వీడియో ఫైలు ఫోన్‌లో ఉంది. దాని నుంచి లెక్క తెలుస్తుందా?

అన్నిటికంటే తేలిగ్గా తెలుస్తుంది. ఫైలు వివరాల్లో సైజు, నిడివి రెండూ ఉంటాయి. 42 నిమిషాల వీడియో 168 ఎంబీ ఉంటే, 168ని 42తో భాగించండి: నిమిషానికి 4 ఎంబీ. అదే సారు క్లాసులు అదే రకంగా రికార్డయి ఫైళ్లుగా వస్తుంటే మిగతావీ దాదాపు ఇలాగే ఉంటాయి. 1500 ఎంబీలో 375 నిమిషాల క్లాసులు దిగుతాయి.

మొదటి నుంచి చివరి దాకా ఒక లెక్క చేసి చూపిస్తారా?

మా షాపులో జరిగినదే చెప్తాను. పెదకాకాని నుంచి రోజూ వచ్చే ఇంటర్ సెకండియర్ అమ్మాయి. నాన్న ఇచ్చిన ఫోన్, రోజుకి 1.5 జీబీ. రోజూ మూడు గంటల రికార్డెడ్ క్లాసులు చూడాలి. సాయంత్రం అయ్యేసరికి డేటా అయిపోయి, ఒక క్లాసు రోజూ మిగిలిపోతోంది. "అంకుల్, నాన్నగారు నేను సినిమాలు చూస్తున్నాననుకుంటున్నారు" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ముందు కాగితం మీద లెక్క వేశాం. 1.5 జీబీ అంటే 1500 ఎంబీ. వాట్సాప్, మిగతా చిల్లర వాడకానికి 200 తీసేస్తే 1300. అంచనా తప్పుకి పదోవంతు, అంటే 130 పక్కన పెడితే వీడియోకి మిగిలేది 1170 ఎంబీ.

తర్వాత కౌంటర్ దగ్గరే నిలబడి కొలిచాం. క్లాసు యాప్ పక్కన అప్పటికి 412 ఎంబీ ఉంది. పది నిమిషాల వీడియోని 360pలో పెట్టి చివరి దాకా ఆడనిచ్చాం. 461 అయింది. 49 ఎంబీ, అంటే నిమిషానికి 4.9. 1170ని 4.9తో భాగిస్తే సుమారు 238 నిమిషాలు. మూడు గంటలు అంటే 180 నిమిషాలే కాబట్టి కావలసింది 882 ఎంబీ. ఈ లెక్కన దాదాపు గంట క్లాసు అదనంగా చూసినా సరిపోవాలి.

మరి ఎందుకు చాలట్లేదు? అదే వీడియోని ఆ అమ్మాయి రోజూ చూసే పద్ధతిలోనే, అంటే క్వాలిటీ ఆటోలో వదిలేసి మళ్లీ ఆడించాం. ఈసారి పది నిమిషాలకి 156 ఎంబీ పోయింది. బ్రాడీపేటలో సిగ్నల్ గట్టిగా ఉంటుంది కాబట్టి యాప్ 720pకి ఎక్కించేసింది. నిమిషానికి 15.6 చొప్పున 1170 ఎంబీ 75 నిమిషాలకే చెల్లు. ఐదంగుళాల తెరమీద బోర్డు రాత 360pలో కూడా చదవడానికి వస్తోందని ఆ అమ్మాయే చూసి చెప్పింది. క్వాలిటీ స్థిరంగా పెట్టుకుంది. ప్యాక్ మార్చలేదు. ఆ లెక్క కాగితాన్ని మాత్రం నాన్నగారికి చూపిస్తానని మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

## వాడుతున్నప్పుడు

యాడ్స్‌కి, చూడకుండా వదిలేసిన భాగానికి కూడా డేటా పోతుందా?

యాడ్ కూడా వీడియోనే, దాని ఎంబీలు మీ ప్యాక్‌లోంచే పోతాయి. చూడకుండా వదిలేసిన దాంట్లో అప్పటికే ముందుగా తెచ్చిపెట్టుకున్న భాగం మాత్రం పోయినట్టే. పది వీడియోలు తెరిచి ఒక్కోటి పావు నిమిషం చూసి మార్చేస్తుంటే, చూసినదానికంటే తెచ్చుకున్నదే ఎక్కువ అవుతుంది. చిన్న వీడియోలు పైకి తోసుకుంటూ పోయే అలవాటులో జరిగేది ఇదే, అక్కడ నిమిషాల అంచనా నిలబడదు.

అమ్మతో వీడియో కాల్ మాట్లాడితే కూడా ఇదే లెక్కా?

భాగహారం అదే. కానీ కాల్‌లో మీ బొమ్మ అటు వెళ్తుంది, అమ్మ బొమ్మ ఇటు వస్తుంది, రెండూ మీ ప్యాక్ నుంచే. పంపే డేటా ఉచితమని చాలామంది అనుకుంటారు, కాదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద కాల్స్‌కి ఎంత పంపారు, ఎంత అందుకున్నారు అని విడిగా చూపిస్తుంది. కాల్‌కి ముందు, తర్వాత ఆ రెండు అంకెలూ చూసుకుంటే మీ నిమిషం లెక్క దొరుకుతుంది.

నాకు అన్‌లిమిటెడ్ 5జీ ఉంది. అయినా రోజు డేటా ఎందుకు అయిపోతోంది?

అలాంటి ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అనేది ఫోన్ నిజంగా 5జీ మీద ఉన్నంతసేపే. 4జీకి మారిన క్షణం నుంచి ప్రతి ఎంబీ మీ రోజు కోటాలో తగ్గుతుంది.

విజయవాడ బస్టాండులో బస్సెక్కి వీడియో పెట్టుకుని గుంటూరు వచ్చేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. ఎక్కినప్పుడు పైన 5జీ గుర్తు ఉంటుంది, 1080pలో వీడియో సాగుతుంది. దారిలో ఎక్కడో 4జీకి దిగుతుంది. వీడియో ఆగదు, క్వాలిటీ చేత్తో పెట్టి ఉంటే అదీ తగ్గదు, మీకు తేడా తెలియదు. నిమిషానికి 30 ఎంబీ చొప్పున 20 నిమిషాలు 4జీలో గడిస్తే 600 ఎంబీ వెళ్లిపోయినట్టే. ప్రయాణంలో ఉన్నంతసేపు 5జీ లేనట్టే భావించి 360pలో పెట్టుకోండి.

ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాప్‌టాప్‌లో చూస్తే డేటా ఎక్కువ పోతుంది. ఎందుకు?

తెర పెద్దది కాబట్టి ఆటో క్వాలిటీ ఎక్కువకి వెళ్తుంది. ఇంకోటి, ల్యాప్‌టాప్‌కి మీ హాట్‌స్పాట్ కూడా మామూలు వైఫైలాగే కనిపిస్తుంది, కాబట్టి అప్‌డేట్లు వెనకాల దించుకుంటూ పోతుంది. విండోస్‌లో ఆ కనెక్షన్ వివరాల్లోకి వెళ్లి `Metered connection` ఆన్ చేస్తే అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. వీడియో క్వాలిటీ మాత్రం ప్లేయర్‌లో విడిగా తగ్గించాలి.

## లెక్క తేడా వచ్చినప్పుడు, డేటా అయిపోయాక

ఫోన్ 1.61 జీబీ వాడానంటోంది, ఆపరేటర్ ఇచ్చింది 1.5 జీబీయే. ఎవరిది అబద్ధం?

ఇద్దరిదీ నిజం కావచ్చు. ఆపరేటర్ 1024 లెక్కలో ఇచ్చి, ఫోన్ 1000 లెక్కలో చూపిస్తే సరిగ్గా ఇలాగే వస్తుంది. కేబీకి, ఎంబీకి, జీబీకి మూడు మెట్ల దగ్గరా 1024, 1000ల తేడా పడుతుంది కాబట్టి మొత్తం మీద ఏడు శాతం దాటుతుంది. 1024 లెక్కలో 1.5 అయినది 1000 లెక్కలో 1.61 అవుతుంది.

తేడా దీనికంటే చాలా ఎక్కువగా ఉంటే ఇంకో రెండు చూడండి. ఫోన్‌లో లెక్క ఏ తేదీ నుంచి మొదలవుతోందో చూడాలి, ఎందుకంటే చాలా ఫోన్లు నెల మొత్తానికి చూపిస్తాయి, ఆపరేటర్ ఈ రోజుది చూపిస్తాడు. రెండు సిమ్‌లు ఉంటే మీరు చూస్తున్నది ఏ సిమ్ లెక్కో చూడాలి. ఇక డేటా ఆగేది ఆపరేటర్ లెక్క ప్రకారమే కాబట్టి ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి వాళ్ల యాప్‌నే చూడండి. నిమిషానికి ఎంత పోతుందో కొలవడానికి ఫోన్‌లోని అంకె మంచిది, యాప్‌ల వారీగా చూపిస్తుంది కాబట్టి.

కోటా అయిపోయాక 64 కేబీపీఎస్ వస్తుందన్నారు. దానిమీద వీడియో నడుస్తుందా?

నడవదు. 64 కేబీపీఎస్ అంటే సెకనుకి 64 కిలోబిట్లు, 8తో భాగిస్తే సెకనుకి 8 కిలోబైట్లు, నిమిషానికి 0.48 ఎంబీ. 360p వీడియో ఒక్క నిమిషానికి 4.5 ఎంబీ కావాలంటే, ఆ ఒక్క నిమిషం రావడానికి తొమ్మిది నిమిషాలు దాటుతుంది. వాట్సాప్‌లో రాతపూర్వక మెసేజీలు మాత్రం వెళ్తాయి, వస్తాయి. వీడియో తిరుగుతూ ఉండిపోతే ఫోన్ పాడైందని రిపేరుకి తెచ్చేవాళ్లున్నారు. ముందు కోటా మిగిలిందో లేదో చూసుకోండి.

రాత్రి పదిన్నర అయింది, డేటా అయిపోయింది, ఇంకా 40 నిమిషాల క్లాసు ఉంది. ఎంత ప్యాక్ వేయించుకోవాలి?

360pలో అయితే 40ని 5తో గుణించి 200 ఎంబీ, దానికి పదోవంతు కలిపి 220 ఎంబీ సరిపోతుంది. 1 జీబీ అదనపు ప్యాక్ వేయించుకుంటే నాలుగోవంతు కూడా వాడరు. అది ఒక్కరోజు గడువుదైతే మిగతా డేటా వాడకుండానే పోయే అవకాశం ఎక్కువ. మీ బేస్ ప్యాక్ ఉన్నన్నాళ్లూ చెల్లే రకమైతే పోదు, ఇంకోరోజు అవసరానికి ఉంటుంది. కొనేముందు ఆ గడువొక్కటి అడగండి.

క్లాసు రేపు పొద్దున చూసినా ఫరవాలేదంటే గంటన్నర ఆగండి, పన్నెండు దాటాక కొత్త రోజు కోటా వస్తుంది. అప్పుడు చూసిన 200 ఎంబీ రేపటి 1500లోంచి తగ్గుతుంది కాబట్టి రేపటి క్లాసులకి 1300 మిగిలినట్టు లెక్కేసుకోండి.